ప్రసారం వాయిదా పడితే పాత లింకు పనిచేస్తుందా?

ప్రశ్న: ఫిల్మ్ నగర్‌లోని ఒక ఆలయ కమిటీ శ్రీరామనవమి కల్యాణం ప్రత్యక్ష ప్రసారం వాయిదా పడిందని నోటీసు ఇచ్చింది. ముందే పంపిన యూట్యూబ్ లింకు ఉంచుకోవాలా?

జవాబు: యూట్యూబ్‌లో ముందుగా సమయం నిర్ణయించి సృష్టించిన ప్రతి ప్రసారానికీ 11 అక్షరాల గుర్తింపు సంకేతం ఉంటుంది, లింకులో `watch?v=` తర్వాత కనిపించేది అదే. నిర్వాహకులు స్టూడియోలో సమయాన్ని మాత్రమే సవరిస్తే ఆ సంకేతం మారదు కనుక పాత లింకే కొత్త సమయాన్ని చూపుతుంది. పాత ప్రసారాన్ని తొలగించి మరొకటి సృష్టిస్తే సంకేతం మారి, పాత లింకు తెరిచినవారికి వీడియో అందుబాటులో లేదన్న సందేశమే మిగులుతుంది. కాబట్టి లింకును ఒకసారి తెరిచి చూడడమే నమ్మదగిన పరీక్ష.

అయితే నోటీసులో ఇంతకంటే ముఖ్యమైన లోపం మరొకటి ఉండవచ్చు. కల్యాణం మధ్యాహ్నపు అభిజిత్ ముహూర్తంలోనే, అంటే సుమారు 12 గంటల వేళే జరిగి, ప్రసారం మాత్రమే సాయంత్రానికి మారితే, "కార్యక్రమం వాయిదా" అన్న మాట స్థానిక భక్తులను సరైన వేళకు ఆలయానికి రాకుండా చేస్తుంది. "కల్యాణం యథావిధిగా మధ్యాహ్నం 12 గంటలకే, ప్రసారం సాయంత్రం 6 గంటలకు, భారత కాలమానం, పాత లింకే వర్తిస్తుంది" అని రాయడం ఉత్తమం. కాలమానం పేర్కొనడం అవసరమే, ఎందుకంటే ఇక్కడి సాయంత్రం 6 గంటలు వేసవి కాలమానం అమలులో ఉన్న న్యూయార్క్‌లో ఉదయం 8:30 అవుతుంది.