డ్రోన్ ఫొటోలో బైకులు లెక్కపెట్టాలా? ముక్కలుగా కోసి చూసే చిట్కాలు

జాతర మైదానంలో నిలిపిన బైకుల్ని పైనుంచి ఫొటో తీస్తే మన కంటికి ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తుంది. అదే ఫొటోను గుర్తుపట్టే మోడల్‌కి ఇస్తే చాలావాటిని వదిలేస్తుంది. పెద్ద ఫొటోను ముక్కలు చేసి చూపిస్తే ఈ బాధ తీరుతుంది. అయితే ముక్కల్లో దొరికినవాటిని మళ్లీ కలిపే దగ్గరే లెక్క చెడుతుంది కాబట్టి, ఈ చిట్కాల్లో ఎక్కువ భాగం ఆ కలపడం గురించే.

1. ముందు బైక్ ఎన్ని పిక్సెళ్లు ఉందో చూసుకోండి. ఫాంటమ్ 4 ప్రో డ్రోన్ ఫొటో 5472×3648 పిక్సెళ్లు. 100 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఒక పిక్సెల్ నేలమీద సుమారు 2.7 సెంటీమీటర్లకు సమానం. రెండు మీటర్ల బైక్ దాదాపు 73 పిక్సెళ్ల పొడవు, 26 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. యోలో మోడళ్లు మామూలుగా ఫొటోను 640 పిక్సెళ్లకు కుదించి చూస్తాయి. అప్పుడు మన బైక్ 8×3 పిక్సెళ్ల మచ్చగా మిగులుతుంది. అందులో చక్రమేదో హ్యాండిల్ ఏదో ఎవరికీ తెలియదు.

2. 640×640 ముక్కలు కోయండి, పక్కపక్క ముక్కలు ఒకదానిమీద ఒకటి 128 పిక్సెళ్లు ఎక్కేలా. ఈ ఫొటోకి అడ్డంగా 11, నిలువుగా 7, మొత్తం 77 ముక్కలు అవుతాయి. చివరి ముక్క చిన్నదైపోకుండా దాన్ని వెనక్కి జరిపి పూర్తి సైజులోనే కోయాలి. 128 ఎందుకంటే, అది బైక్ పొడవు కంటే ఎక్కువ. కోత ఎక్కడ పడ్డా ప్రతి బైకూ కనీసం ఒక ముక్కలో పూర్తిగా ఉంటుంది. మిగతా పనంతా ఈ హామీమీదే ఆధారపడుతుంది.

3. ముక్కలో దొరికిన ప్రతి బాక్సుకీ ఆ ముక్క మొదలైన చోటును కలిపి, పెద్ద ఫొటోలో దాని స్థానం తెలుసుకోండి. ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. అడ్డంగా ఒక బైక్ 620 నుంచి 693 వరకు ఉందనుకోండి. మొదటి ముక్క 640 దగ్గర ఆగిపోతుంది కాబట్టి అందులో 20 పిక్సెళ్ల తోక మాత్రమే కనిపిస్తుంది. 512 దగ్గర మొదలయ్యే రెండో ముక్కలో బండి మొత్తం ఉంటుంది. ఒకే బండికి రెండు బాక్సులన్నమాట. ఉమ్మడి భాగాన్ని రెండు బాక్సులూ కలిసి ఆక్రమించిన మొత్తం చోటుతో భాగిస్తే (`IOU`) 0.27 వస్తుంది. మామూలుగా పెట్టే 0.5 హద్దు దాటదు కాబట్టి రెండూ మిగిలిపోతాయి, ఒక బైక్ రెండవుతుంది.

4. చిన్న బాక్సుతో భాగించే కొలత (`IOS`) వాడితే పై బండికి 1 వస్తుంది, రెండూ కలిసిపోతాయి. సాహి లైబ్రరీలో ఈ సౌకర్యం ఉంది:

```python
postprocess_type="GREEDYNMM"
postprocess_match_metric="IOS"
postprocess_match_threshold=0.7
```

ఆ హద్దును 0.5 దగ్గర వదిలేయకండి. బైకులు 45 డిగ్రీల వాలుగా, 80 సెంటీమీటర్ల ఎడంతో వరుసగా ఉంటే ఒక్కో బాక్సు దాదాపు 70×70 అవుతుంది. పక్క బండి బాక్సుమీదికి ఇది దాదాపు సగం ఎక్కుతుంది. అంటే రెండు వేర్వేరు బళ్లు ఒకటైపోయే ప్రమాదం ఉంది. ఇంకా దగ్గరగా నిలిపితే 0.7 కూడా కాపాడలేదు.

5. కోత మీ చేతిలో ఉంటే నాకు నచ్చిన పద్ధతి ఇది: కలపడానికి ముందే, ముక్క లోపలి అంచుకు తాకిన బాక్సుల్ని పారేయండి. ఆ బండి పూర్తి రూపం పక్క ముక్కలో ఎలాగూ ఉంది. ఫొటో అసలు అంచుకు తాకినవాటిని మాత్రం ఉంచాలి, వాటికి పక్క ముక్క లేదు. ఇక మిగిలే జంటలు ఒకే బండిమీద దాదాపు ఒకేలా పడ్డ పూర్తి బాక్సులు. వాటికి `IOU` బాగా ఎక్కువ వస్తుంది. వాలు వరుసలో పక్కపక్క బళ్లకు మాత్రం 0.33 దగ్గరే ఉంటుంది. 0.5 హద్దుతో రెండూ తేలిగ్గా విడిపోతాయి.

6. బస్సులూ లెక్కించాలంటే ఈ పద్ధతి ఒక్కటే చాలదు. 11 మీటర్ల బస్సు 400 పిక్సెళ్లుంటుంది, 128లో ఇమడదు. ఫొటో మొత్తాన్ని కుదించి ఇంకోసారి చూపించి, బస్సుల్ని అక్కడినుంచే తీసుకోండి. కుదించినా 47 పిక్సెళ్లుంటుంది కాబట్టి దొరుకుతుంది.

7. మోడల్‌ని నేర్పేటప్పుడూ ఇదే సైజు ముక్కలు వాడండి.

8. చివరగా ఫలితం మీద ముక్కల గీతలు గీసి చూడండి. జంట బాక్సులు గీతల పక్కనే గుంపుగా ఉంటే తప్పు కలపడంలో ఉంది. ఫొటో అంతటా బళ్లు తప్పిపోతుంటే తప్పు మోడల్‌ది. బళ్లు లేని ఖాళీ మైదానం ఫొటోనూ ఒకసారి నడపండి. 77 ముక్కలు చూస్తున్నప్పుడు రాళ్లూ నీడలూ బైకులుగా పొరబడే అవకాశం కూడా పెరుగుతుంది. అక్కడ బాక్సులు పడితే నమ్మకం హద్దును పెంచి మళ్లీ లెక్కించండి.