పాఠము: ఇన్వర్టర్ ఫోటోల నుండి నెల యూనిట్లు, ఆదా లెక్కగట్టు విధము



మన అచ్చంపేట ప్రాంతంలో సూర్యరశ్మి కరెంటు సంగతి కొత్తది కాదు. 2025 మే నెలలో అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలైన తరువాత పొలాల్లో సౌర పంపుల మాట ఊరూరా వినబడుతున్నది. అయితే ఈ పాఠం ఆ పంపులను గురించి కాదు. వ్యవసాయ కరెంటుకు మనం బిల్లు కట్టడం లేదు, కావున అక్కడ “బిల్లులో ఆదా” అనే లెక్కే లేదు. బిల్లు కట్టే చోట, అనగా పాల సేకరణ కేంద్రం కప్పుమీద ఫలకాలు పెట్టి, కరెంటు లైనుకు కలిపిన చోట మాత్రమే ఈ లెక్క పనికి వస్తుంది.

నేను తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో 5 కిలోవాట్ల ఫలకాలు ఉన్నవి. కార్యదర్శి రోజూ ఇన్వర్టర్ తెరను సెల్‌ఫోనుతో ఫోటో తీసి, నెలాఖరున ఆ అంకెలు కూడి, “ఏప్రిల్‌లో 753.7 యూనిట్లు వచ్చినవి, యూనిట్ 8 రూపాయల చొప్పున రూ. 6,029.60 ఆదా” అని రాశాడు. ఆ ఆదాను చూసుకొని, ఫలకాల అప్పుకు నెలకు రూ. 6,000 కిస్తు కట్టవచ్చునని పాలకవర్గం తీర్మానం సిద్ధం చేసింది. కార్యదర్శి నిజాయితీపరుడు, కూడికలో తప్పు లేదు. అయినా లెక్క తప్పు. ఆ కిస్తు ఖాయమైతే తగ్గిన సొమ్ము సభ్యుల బోనస్ నుండే పోవాలి. తప్పు ఎక్కడ వచ్చిందో చూద్దాం.

తెరమీద ఏమున్నది?

ఇన్వర్టర్ తెరమీద అంకెలు చాలా మారుతుంటవి. మనకు కావలసినవి మూడే. E-Today అంటే ఆ రోజు పొద్దుటి నుండి ఆ క్షణం వరకు వచ్చిన యూనిట్లు. E-Total అంటే ఫలకాలు పెట్టిన నాటి నుండి వచ్చిన మొత్తం యూనిట్లు. ఈ రెండింటి పక్కన kWh అని ఉంటుంది. ఒక kWh అంటే బిల్లులోని ఒక యూనిట్. మూడవది Pac. దాని పక్కన W అని ఉంటుంది. ఆ క్షణంలో ఎంత జోరుగా కరెంటు వస్తున్నదో అది చెబుతుంది. దానిని ఎన్నడూ కూడరాదు. కంపెనీని బట్టి పేర్లు కొద్దిగా మారవచ్చు, అర్థం ఒక్కటే.

సభ్యులకు సుళువుగా చెప్పాలంటే E-Today ఈ పూట పోసిన పాలు, E-Total పాసుబుక్కులో ఇప్పటివరకు ఎక్కిన మొత్తం. పూట చీటీ పోయినా పాసుబుక్కు పోదు. ఈ పాఠమంతా ఆ ఒక్క మాటమీదనే ఆధారపడి ఉన్నది.

పది రోజుల ఫోటోలు

మొదటి పది రోజుల ఫోటోలు వరుసగా చూడండి. మార్చి 31 సాయంత్రం E-Total 4312.0 ఉన్నది.

తేదీ — E-Today — E-Total
1 — 21.4 — 4333.4
2 — 20.8 — 4354.2
3 — 22.1 — 4376.3
4 — 19.6 — 4395.9
5 — ఫోటో లేదు
6 — 21.9 — 4438.6
7 — 13.2 — 4451.8
8 — 21.7 — 4481.6
9 — 204 — 4502.0
10 — 8.7 — 4510.7

కార్యదర్శి రెండవ వరుసను ఉన్నదున్నట్లు కూడి 353.4 వేశాడు. ఇందులో అనుమానించవలసిన రోజులు నాలుగు.

మొదట 9వ తేదీ. 5 కిలోవాట్ల ఫలకాలు రాత్రింబగళ్ళు 24 గంటలూ పూర్తి జోరుతో పనిచేసినా 120 యూనిట్లు దాటవు. 204 ఎట్లా వస్తవి? ఫోటోలో తెరమీద వెలుగు పడి చుక్క మాయమైనది. అసలు అంకె 20.4. ఊహించి దిద్దరాదు, రుజువు చూడాలి. 9వ తేదీ E-Total 4502.0 నుండి 8వ తేదీ 4481.6 తీసివేస్తే 20.4 వచ్చింది. కావున దిద్దుబాటు సరియైనది. మన ప్రాంతంలో ఎండ బాగా ఉన్న రోజున కిలోవాట్‌కు సుమారు 4 యూనిట్లు వస్తవని గుర్తుంచుకొంటే ఇట్టి పొరపాటు చూడగానే పట్టుబడుతుంది.

తరువాత 5వ తేదీ. ఫోటో లేదని సున్న వేశారు. ఫోటో తీయకపోయినా సూర్యుడు సెలవు పెట్టలేదు గదా! 6వ తేదీ E-Total నుండి 4వ తేదీది తీసివేస్తే రెండు రోజులకు 42.7. అందులో 6వ తేదీ 21.9 పోగా 5వ తేదీకి 20.8 యూనిట్లు.

మూడవది 7వ తేదీ. 13.2 అనే అంకెలో తప్పు లేదు, ఫోటో తీసిన వేళలో ఉన్నది. అది మధ్యాహ్నం 1 గంట 40 నిమిషాలకు తీసినది. అదే తెరమీద Pac 3120 W అని ఉన్నది, అంటే ఇంకా జోరుగా పనిచేస్తున్నది. సాయంత్రం ఫోటో అయితే Pac సున్నకు దగ్గరగా ఉండాలి. 8వ తేదీ E-Total 4481.6 లోంచి ఆనాటి 21.7 తీసివేస్తే 7వ తేదీ రాత్రికి 4459.9 అని తేలుతుంది. దానిలోంచి 6వ తేదీ 4438.6 తీసివేస్తే 21.3. ఇదే 7వ తేదీ అసలు ఉత్పత్తి.

చివరిది 10వ తేదీ. 8.7 చూసి ఇదీ తప్పేనని దిద్దబోతారు. దిద్దరాదు. E-Total తేడా కూడా 8.7 చూపుతున్నది, కావున అది నిజమే. ఆ రోజు పగలు చాలాసేపు లైను మరమ్మతుకు కరెంటు తీశారు. లైనుకు కలిపిన మామూలు ఇన్వర్టర్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభంమీద పనిచేసే మనిషికి మన కరెంటు తగలకుండా అట్లా చేశారు. లైను పోని రోజున, ఎండ ఉండగా ఇట్లా తగ్గితే మాత్రం ఫలకాల మీద దుమ్మో, వైరు ఊడటమో చూసుకోవలెను.

దిద్దిన పది అంకెలు కూడితే 198.7. సరిచూసే పద్ధతి ఇది: 4510.7 లోంచి 4312.0 తీసివేయండి. అదీ 198.7. రెండు దారులూ ఒక్కచోటికి వచ్చినవి.

నెల లెక్క

రెండవ పది రోజులకు 203.5, మూడవ పది రోజులకు 196.8 వచ్చినవి. మొత్తం 599.0 యూనిట్లు. ఏప్రిల్ 30 సాయంత్రం E-Total 4911.0. అందులో 4312.0 పోగా 599.0. లెక్క కుదిరింది.

599 ను 8 తో హెచ్చవేస్తే రూ. 4,792. రాసిన ఆదా కంటే ఇది రూ. 1,237.60 తక్కువ. రూ. 6,000 కిస్తుకు నెలనెలా రూ. 1,208 చేతినుండి వేయవలసి వచ్చేది. పాలకవర్గం తీర్మానాన్ని ఆపి, కిస్తును తగ్గించి, వాయిదాల సంఖ్యను పెంచుకొన్నది.

“మొదటి E-Total, చివరి E-Total ఉంటే చాలు గదా, రోజూ ఫోటో ఎందుకు?” అని ఒక సభ్యుడు అడిగాడు. మంచి ప్రశ్న. ఆదా మొత్తానికి ఆ రెండే చాలు. రోజు ఫోటో ఉంటేనే ఏ రోజు ఎందుకు తగ్గిందో తెలుస్తుంది, పాడైన ఫలకం నెలాఖరు వరకు దాగి ఉండదు.

రేటు దగ్గర జాగ్రత్త

8 రూపాయలు ఈ ఉదాహరణకు తీసుకొన్న రేటు. మీ సంఘం బిల్లులో యూనిట్‌కు వేసిన రేటునే మీరు వేసుకోవలెను. స్లాబుల రేటు ఉంటే సౌర యూనిట్లు పై స్లాబునుండి తగ్గుతవి, కనుక పై స్లాబు రేటుతో మొదలుపెట్టాలి. స్థిర ఛార్జీ యూనిట్లమీద ఆధారపడదు. అది ఎంత ఎండ కాసినా తగ్గదు.

మరొక సంగతి. మన కేంద్రంలో పని పొద్దున, సాయంత్రం. మధ్యాహ్నపు కరెంటు కొంత లైనులోకి పోతుంది. ఈ సంఘం మీటరులో ఆ నెల లైనునుండి తీసుకొన్నవి 520, లైనుకు పంపినవి 140 యూనిట్లు. 599 లో 140 పోగా సొంతంగా వాడినవి 459. నెట్ మీటరు ఉన్నందున 520 లో 140 తగ్గి, 380 కే బిల్లు వచ్చింది. ఫలకాలే లేకపోతే 520, 459 కలిసి 979 యూనిట్లకు బిల్లు వచ్చేది. 979 కి 380 కి తేడా 599. అందుకే ఇక్కడ మొత్తం ఉత్పత్తిని రేటుతో హెచ్చవేయడం న్యాయం.

నెట్ మీటరు లేకపోతే సొంతంగా వాడిన 459 మాత్రమే లెక్కకు వస్తవి, ఆదా రూ. 3,672 మాత్రమే. పంపినవి తీసుకొన్నవాటి కంటే ఎక్కువైన నెలలో మిగులు యూనిట్లకు 8 రూపాయలు వేయరాదు. ఒప్పందంలో రాసిన రేటే వేయాలి.

ఫోటో తీయు విధము

సాయంత్రం పాల సేకరణ వేళ, పొద్దు గూకే ముందు, తెర ఆరిపోకముందే తీయండి. తెరకు కొంచెం పక్కగా నిలబడితే వెలుగు కొట్టదు. E-Today ఒక ఫోటో, E-Total ఒక ఫోటో. తేదీ, వేళ రాసిన చీటీ తెర పక్కన పెట్టి తీయండి, ఎందుకంటే వాట్సాప్‌లో పంపిన ఫోటోకు తీసిన వేళ నిలవదు, పంపిన వేళే కనబడుతుంది. ఆ రోజే రిజిస్టరులో ఎక్కించండి. బిల్లుతో పోల్చేటప్పుడు ఒకటవ తేదీ నుండి కాక, మీటరు రీడింగు తీసిన తేదీ నుండి మళ్ళీ రీడింగు తేదీ వరకు లెక్కించండి. ఇన్వర్టర్ అంకెకు, మీటరు అంకెకు కొద్దిపాటి తేడా ఉండవచ్చు. బిల్లు విషయంలో చెల్లేది మీటరు అంకే.

అభ్యాసము

12వ తేదీ సాయంత్రం E-Total 5210.4. 13, 14 తేదీల ఫోటోలు లేవు. 15వ తేదీ సాయంత్రం E-Today 20.6, E-Total 5272.8. మూడు రోజుల ఉత్పత్తి ఎంత? యూనిట్ రూ. 7.50 అయితే ఆదా ఎంత? 13, 14 తేదీలకు ఏమి రాయాలి?

జవాబు: మూడు రోజులకు 62.4 యూనిట్లు, ఆదా రూ. 468. 13, 14 తేదీలకు కలిపి 41.8 అని ఒకే గీత కింద రాయాలి. చెరి సగం చేసి రెండు రోజులకు రాయడం తప్పు. తెలియని అంకెను రిజిస్టరులో పుట్టించరాదు.