సారూప్యత శాతం తక్కువైనా సమీక్ష చెడిపోయే తీరు: పేపర్ మిల్లుల పాఠ్యం, వ్యవసాయ పరిశోధన

పరిశోధన సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు దానిని సారూప్యత పరీక్షకు పంపడం నేడు అన్ని విశ్వవిద్యాలయాలలోనూ ఆనవాయితీ. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో జారీచేసిన నిబంధనల ప్రకారం సారూప్యత పది శాతం లోపు ఉంటే చర్య ఉండదు. ఈ పది శాతం అనే హద్దు క్రమంగా విద్యార్థుల మనసులో ఒక నాణ్యతా ప్రమాణంగా స్థిరపడింది. నివేదికలో ఆరు శాతం వస్తే సాహిత్య సమీక్ష సవ్యంగా ఉన్నదని భావించడం పరిపాటి అయింది. ఆ పరీక్ష చేసే పని వేరు. సమర్పించిన పాఠ్యంలోని పదాల వరుసలను తన నిల్వలో ఉన్న పాఠ్యాలతో పోల్చి, కలిసిన చోట్లను అది చూపుతుంది. వాక్యం చెప్పే విషయం నిజమా, దానికి ఆధారంగా చూపిన ప్రయోగం అసలు జరిగిందా అన్నవి దాని పరిధిలోని ప్రశ్నలు కావు.

పేపర్ మిల్లులు అనే వ్యాపార సంస్థలు ఈ పరిమితిని బాగా ఎరిగినవి. రుసుము తీసుకుని వ్యాసం తయారుచేసి, రచయితల స్థానాలను అమ్మే ఈ సంస్థలకు తమ సరుకు సారూప్యత పరీక్షను దాటడం మొదటి అవసరం. కనుక పాత వ్యాసాలలోని పాఠ్యాన్ని తీసుకుని, పర్యాయపదాలు మార్చే సాఫ్ట్‌వేర్‌తోనో, మరో భాషలోకి అనువదించి తిరిగి ఆంగ్లంలోకి తేవడం ద్వారానో పదాల వరుసను చెరిపివేస్తారు. అటువంటి వ్యాసం నుండి ఒక పేరాను విద్యార్థి యథాతథంగా ఎత్తివ్రాసినా, ఆ వ్యాసం పరీక్ష నిల్వలో లేకపోతే ఏ సరిపోలికా కనిపించదు. సరిపోలిక లేకపోవడం ఇక్కడ ఆ సరుకుతో పాటే అమ్ముడుపోయిన ఒక లక్షణం.

ఈ మార్పిడి మిగిల్చే జాడలను గియోమ్ కబానాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ 2021లో వెలుగులోకి తెచ్చారు. అర్థం చెడిన సాంకేతిక పదబంధాలకు వారు ‘టార్చర్డ్ ఫ్రేజెస్’, అనగా ‘చిత్రహింసకు గురైన పదబంధాలు’ అని పేరు పెట్టారు. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అనవలసిన చోట ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అనీ, ‘బ్రెస్ట్ క్యాన్సర్’ అనవలసిన చోట ‘బోజమ్ పెరిల్’ అనీ అచ్చయిన వ్యాసాలు వారికి దొరికాయి. పంట దిగుబడి అంచనాలలో తరచు వాడే ‘ర్యాండమ్ ఫారెస్ట్’ పద్ధతి ‘ఆర్బిట్రరీ వుడ్‌ల్యాండ్’గా మారిపోవడం కూడా ఈ కోవలోనిదే.

మరొక జాడ ఇంకా విచిత్రమైనది. ‘వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ’ అనే పద్ధతి ఏదీ లేదు. అయినా పలు పత్రికలలో పరిశోధకులు దానిని వాడినట్లు వ్రాశారు. దీని పుట్టుకకు రెండు వివరణలు ఉన్నాయి. 1959 నాటి ఒక సూక్ష్మజీవశాస్త్ర వ్యాసంలో ఎడమ నిలువు వరుసలోని ‘వెజిటేటివ్’ అనే మాట, కుడి నిలువు వరుసలోని ‘ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ’ అనే మాట పక్కపక్కన పడ్డాయి; పుటను కంప్యూటర్‌కు ఎక్కించినప్పుడు రెండూ ఒకే పంక్తిగా చదవబడ్డాయి. రెండవ వివరణ పారశీక భాషకు సంబంధించినది. ఆ లిపిలో ‘స్కానింగ్’ అనే అర్థమిచ్చే మాటకూ ‘వెజిటేటివ్’ అనే అర్థమిచ్చే మాటకూ తేడా ఒక్క చుక్క మాత్రమే. పుట్టుక ఏదైనా, ఒక వ్యాసంలో కనిపించిన ఈ మాటను మరొక వ్యాసం స్వీకరించినదంటే, మధ్యలో ఎవరూ దానిని అర్థం చేసుకుంటూ చదవలేదని తేటతెల్లమవుతుంది. నానో ఎరువులపైన, బయోచార్‌పైన సమీక్షలు వ్రాసేవారు స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ గురించిన వాక్యాలు అరువు తెచ్చుకోవడం మామూలే కనుక ఈ ఉదంతం వ్యవసాయ శాస్త్రానికి దూరమైనది కాదు.

ఇట్టి వింత పదాలు కనీసం కంటికి తగులుతాయి. కంటికి తగలని మార్పులే ఎక్కువ హాని చేస్తాయి. సేద్యశాస్త్రంలో ‘లభ్య నత్రజని’ అనే మాట ఒక కొలత పేరు. క్షార పర్మాంగనేట్ పద్ధతిలో నేల నుండి విడుదలయ్యే నత్రజనిని అది సూచిస్తుంది. హెక్టారుకు 280 కిలోల లోపు ఉంటే ఆ నేలను తక్కువ తరగతిలో చేరుస్తారు. మొత్తం నత్రజని అనేది కెల్డాల్ పద్ధతిలో వచ్చే వేరొక కొలత. 0.05 శాతం మొత్తం నత్రజని ఉన్న నేలలో, పదిహేను సెంటీమీటర్ల పొరను సుమారు 22.4 లక్షల కిలోలుగా లెక్కిస్తే, హెక్టారుకు 1,120 కిలోల నత్రజని ఉంటుంది. పర్యాయపదాలు మార్చే సాఫ్ట్‌వేర్ ఆంగ్ల పాఠ్యంలోని ‘అవైలబుల్’ అనే మాటను తొలగించి ‘ఎగ్జిస్టింగ్’ అని పెట్టిందంటే వాక్యం నున్నగానే ఉంటుంది, సారూప్యత ఇంకొంచెం తగ్గుతుంది, చదివేవారికి మాత్రం ఒక కొలత స్థానంలో మరొకటి స్ఫురిస్తుంది. ఆ వాక్యాన్ని మరొకరు తమ మాటలలో తిరగవ్రాస్తే ‘ఉన్న నత్రజని’ కాస్తా ‘మొత్తం నత్రజని’గా స్థిరపడుతుంది. సొంత మాటలలో వ్రాయాలనే ఉపదేశం మూలాన్ని తెరిచి చదివినవారికే పనికివస్తుంది. చదవనివారి చేతిలో అది తప్పును మరొక మెట్టు దూరం మోసుకుపోతుంది.

పాఠ్యంతో పాటు అంకెలూ వస్తాయి. అసలు నష్టం ఇక్కడే ఉన్నది. ఊహాత్మకమైన ఒక ఉదాహరణను వివరంగా పరిశీలించవచ్చు. ఒక విద్యార్థి వరిలో నానో జింక్ ఆక్సైడ్ పిచికారీపై సమీక్ష వ్రాస్తూ ఐదు వ్యాసాలు సేకరించాడు. జింక్ వేయని మడితో పోల్చితే దిగుబడి పెరుగుదల మొదటి మూడింటిలో 4, 6, 5 శాతం. చివరి రెండింటిలో 22, 23 శాతం. చివరి రెండు వ్యాసాలలోని పరిచయ భాగం చక్కగా ఉన్నదని అందులోని పేరాలను ఎత్తివ్రాశాడు. సారూప్యత ఆరు శాతమే వచ్చింది. సమీక్ష చివర ‘సగటున 12 శాతం దిగుబడి పెరుగుతుంది’ అని తేల్చాడు. చివరి రెండు వ్యాసాలను తీసివేస్తే సగటు 5 శాతం. హెక్టారుకు 5,000 కిలోల దిగుబడి వచ్చే పొలంలో ఇది 600 కిలోలకూ 250 కిలోలకూ ఉన్న తేడా. పిచికారీ ఖర్చు తిరిగి వస్తుందా రాదా అన్నది ఈ తేడాపైనే ఆధారపడుతుంది. ఆ సమీక్షను నమ్మి విస్తరణ శాస్త్రవేత్త కరపత్రం వ్రాస్తే ఖర్చు భరించేది రైతు.

ఆ రెండు వ్యాసాలను అనుమానించడానికి పెరుగుదల ఎక్కువగా ఉండడం ఒక్కటే చాలదు. జింక్ లోపం తీవ్రంగా ఉన్న నేలలలో పెద్ద స్పందన రావడం సహజమే. అందువల్ల వ్యాసంలోని పట్టికను అదే పట్టికతో తూచి చూడాలి. నాలుగవ వ్యాసంలో ఏడు చికిత్సలు, మూడు పునరావృత్తులతో యాదృచ్ఛిక ఖండికల రచన వాడినట్లు ఉన్నదనుకోవచ్చు. అప్పుడు దోష స్వేచ్ఛాంశాలు పన్నెండు. ఐదు శాతం స్థాయిలో ‘టి’ విలువ 2.18. క్రిటికల్ డిఫరెన్స్ అంటే సగటు ప్రామాణిక దోషాన్ని రెండు వర్గమూలంతోనూ, ఈ ‘టి’ విలువతోనూ గుణించగా వచ్చేది. అనగా సుమారు 3.08 రెట్లు. పట్టికలో ప్రామాణిక దోషం 148 కిలోలుగా ఉంటే క్రిటికల్ డిఫరెన్స్ 456 కిలోల దరిదాపులలో ఉండాలి. అచ్చయినది 210. చికిత్సల మధ్య 300 కిలోల తేడాను ఆ వ్యాసం గణనీయమని ప్రకటించినది. సరైన లెక్క ప్రకారం అది గణనీయం కాదు.

ఐదవ వ్యాసాన్ని దిగుబడి అంశాలతో సరిచూడవచ్చు. రకం బి.పి.టి. 5204, చదరపు మీటరుకు 310 కంకులు, కంకికి 120 నిండు గింజలు, వెయ్యి గింజల బరువు 14.5 గ్రాములు అని పట్టిక చెబుతున్నదనుకుంటే, ఈ మూడింటి లబ్ధం హెక్టారుకు సుమారు 5,390 కిలోలు. అదే పట్టికలో ధాన్యం దిగుబడి 7,150 కిలోలు. ఎంపిక చేసిన దుబ్బుల నుండి లెక్కించిన దిగుబడి సాధారణంగా మడి దిగుబడి కంటే కొంత ఎక్కువే ఉంటుంది. తక్కువగా, అందునా ఇంత తక్కువగా ఉన్నదంటే ఆ అంకెలు ఒకే పొలం నుండి వచ్చినవి కాకపోవచ్చు. ఒక్క పొరపాటుతోనే వ్యాసం కల్పితమని తీర్పు చెప్పరాదు. అచ్చుతప్పులు మంచి పత్రికలలోనూ ఉంటాయి. రచయితలకు వ్రాసి మూల దత్తాంశం అడగడం, సమాధానం వచ్చేవరకు ఆ వ్యాసాన్ని సగటులో చేర్చకుండా ఉంచడం న్యాయమైన పద్ధతి.

ఎత్తివ్రాసిన పేరాతో వచ్చే మూడవ వస్తువు ఉల్లేఖనలు. ఇతరుల ఉల్లేఖన సంఖ్యను పెంచడానికి సంబంధం లేని వ్యాసాలను మిల్లు వ్యాసాలలో చొప్పించడం తెలిసిన విషయమే. వరి గురించిన వాక్యం చివర మూడు పేర్లు ఉంటే, ఒకటి గోధుమపై కుండీ ప్రయోగం కావచ్చు, మరొకటి వ్యవసాయానికే సంబంధించనిది కావచ్చు. పేరాను తీసుకున్న విద్యార్థి వాటిని తాను చదివినట్లు తన గ్రంథసూచిలో చేరుస్తాడు. సారూప్యత పరీక్షలో గ్రంథసూచిని లెక్క నుండి మినహాయిస్తారు కనుక ఇది ఎప్పటికీ బయటపడదు. మౌఖిక పరీక్షలో ‘ఈ వ్యాసంలో నేల ఉదజని సూచిక ఎంత?’ అని పరీక్షకుడు అడిగితే తప్ప.

ఉపసంహరణలు ఈ సమస్యను కొంతవరకు సరిదిద్దుతాయి. వైలీ సంస్థ 2021లో కొనుగోలు చేసిన హిందావీ ప్రచురణల నుండి 2023 ఒక్క సంవత్సరంలోనే ఎనిమిది వేలకు పైగా వ్యాసాలు ఉపసంహరించబడ్డాయి. అయితే వ్యాసం ఉపసంహరించబడినంత మాత్రాన దాని నుండి ఎత్తివ్రాసిన పేరా ఎక్కడికీ పోదు. మూలాన్ని పేర్కొని ఉంటే పాఠకుడు ఏనాటికైనా దాని స్థితిని తెలుసుకోగలడు. పేర్కొనకుండా తీసుకున్న పాఠ్యం విషయంలో ఆ దారం తెగిపోతుంది. మూలం రద్దయిన తరువాత కూడా దాని మాట సిద్ధాంత గ్రంథంలో చెల్లుబాటవుతూనే ఉంటుంది.

సమీక్ష సమర్పించే ముందు ప్రతి మూలం డి.ఓ.ఐ. సంఖ్యను రిట్రాక్షన్ వాచ్ దత్తాంశంతో సరిచూడడం కష్టమైన పని కాదు. ఆ దత్తాంశాన్ని 2023లో క్రాస్‌రెఫ్ సేకరించి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. జొటెరో వాడేవారికి ఉపసంహృత వ్యాసంపై హెచ్చరిక దానంతట అదే కనిపిస్తుంది. ఈ జాబితాలో లేని వ్యాసం మంచిదని మాత్రం అనుకోరాదు. ప్రచురణకూ ఉపసంహరణకూ నడుమ తరచు ఏళ్లు గడుస్తాయి. ఆ వ్యవధిలో పట్టికను తూచి చూడడం తప్ప మార్గం లేదు. పై ఉదాహరణలోని విద్యార్థి చేయవలసినది, అరువు పేరాలను తొలగించి, మిగిలిన మూడు వ్యాసాలను పూర్తిగా చదివి, ప్రతిదానికీ నేలలోని జింక్ స్థాయి, రకం, పిచికారీ మోతాదు, క్రిటికల్ డిఫరెన్స్‌లను ఒక పట్టికగా వ్రాసుకోవడం. తొలగించిన రెండు వ్యాసాల పేర్లను, తొలగించడానికి కారణమైన లెక్కలను కూడా సమీక్షలోనే రెండు వాక్యాలలో నమోదు చేయాలి. తరువాత అదే అంశంపై పనిచేసేవారు ఆ 22, 23 శాతాలను మళ్లీ సగటులో కలపకుండా ఉండడానికి ఆ రెండు వాక్యాలు పనికివస్తాయి.