వ్యాట్ కాలం నాటి ప్రొఫైల్‌ను ఇప్పటికి తగ్గట్టు మార్చడం ఎలా?

పెద్దమందడిలో పుట్టి, వనపర్తిలో బీకాం చదివి, 2006 నుంచి పనిచేస్తూ ఇప్పుడు హైదరాబాద్‌లో అకౌంటెంట్‌గా ఉన్న ఒకరి ప్రొఫైల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. నైపుణ్యాల్లో విండోస్ ఎక్స్‌పీ, ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్, పేజ్‌మేకర్, ట్యాలీ 7.2, వ్యాట్ రిటర్నులు ఉన్నాయి. ఉద్యోగాలు ఇంటర్‌నెట్ సెంటర్‌తో మొదలై డీటీపీ, రైస్ మిల్లు మీదుగా ఇప్పటి కంపెనీ దాకా వచ్చాయి.

ముందుగా పాత రెజ్యూమెను ఇంకో ఫైల్‌గా దాచుకోండి. ఇంకో సంగతి గుర్తుంచుకోండి: లింక్డ్ఇన్‌లో ఒక నైపుణ్యాన్ని తీసేస్తే దానికి తోటివాళ్లు ఇచ్చిన ఎండార్స్‌మెంట్లూ పోతాయి.

తర్వాత కాలం చెల్లినవాటిని ఏరండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014లోనే మద్దతు ఆపేసింది, ఎక్స్‌ప్లోరర్‌ను 2022లో పక్కన పెట్టింది. ఈ రెండూ నేరుగా తీసేయవచ్చు. లింక్డ్ఇన్‌లో Skills పక్కనున్న పెన్సిల్ గుర్తు నొక్కి, ఆ నైపుణ్యాన్ని తెరిస్తే Delete skill కనిపిస్తుంది.

ట్యాలీ, వ్యాట్‌ల దగ్గర మాత్రం తొందరపడొద్దు. ట్యాలీ పని ఇంకా ఉంది, పాతబడింది వెర్షనే. 2020లో ట్యాలీప్రైమ్ వచ్చింది. దానిలో నిజంగా పనిచేస్తుంటే 7.2 తీసేసి ఆ పేరు రాయండి. చేయకపోతే ముందు నేర్చుకోండి. ఇంటర్వ్యూలో సిస్టమ్ ముందు కూర్చోబెడితే తేలిపోతుంది. వ్యాట్ స్థానంలో 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది కాబట్టి "వ్యాట్ రిటర్నులు" అన్న చోట "జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బి నెలవారీ దాఖలు, కొనుగోళ్ల ఇన్‌పుట్ క్రెడిట్ సరిచూడటం" అని చేసిన పనినే రాయండి. అయితే పెట్రోలు, డీజిలు, తాగే మద్యం ఇంకా జీఎస్టీలోకి రాలేదు. పెట్రోల్ బంకు లెక్కల ఉద్యోగానికి పంపే రెజ్యూమెలో వ్యాట్ ఉండాల్సిందే. పేజ్‌మేకర్ సంగతీ అంతే: అకౌంట్స్ ఉద్యోగానికి అక్కర్లేదు, తెలుగు డీటీపీ పనికైతే అడుగుతారు.

ఇక తొలి ఉద్యోగాలు. ఇంటర్‌నెట్ సెంటర్, డీటీపీ పనులకు ఇప్పటి పనితో సంబంధం లేదు కాబట్టి రెండూ తీసేయవచ్చు. రైస్ మిల్లును ఉంచండి, ఎందుకంటే ధాన్యం కొనుగోలు లెక్కలు, స్టాకు నిల్వలు అక్కడే చూశారు. దానికి రెండు వరుసలు చాలు. ఇప్పటి ఉద్యోగానికి ఐదారు వరుసలివ్వండి.

తీసేసిన ఉద్యోగాల ఖాళీ కనపడకూడదని మిల్లులో చేరిన తేదీని వెనక్కి జరపడం పెద్ద తప్పు. అక్కడ పీఎఫ్ ఉంటే ఈపీఎఫ్‌వో సర్వీస్ హిస్టరీలో అసలు తేదీలుంటాయి, కంపెనీలు వాటిని సరిచూస్తాయి. రెజ్యూమెలో ఏం చూపాలన్నది మీ ఇష్టం. కానీ చేరేటప్పుడు ఇచ్చే ఫారంలో "ఇప్పటివరకు చేసిన ఉద్యోగాలన్నీ" అని అడిగితే ఇంటర్‌నెట్ సెంటర్‌తో సహా అన్నీ రాయాలి.

చివరగా నౌక్రీ ప్రొఫైల్, లింక్డ్ఇన్, రెజ్యూమె మూడింటినీ పక్కపక్కన తెరిచి చేరిన, మానేసిన నెలలు ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. నౌక్రీలో పాత రెజ్యూమె ఫైల్ అలాగే ఉండిపోతే రిక్రూటర్ దించుకునేది దాన్నే, కొత్తది ఎక్కించండి.