వాతం అంటే ఏమిటి? ఒకే మాట, వేరు వేరు జబ్బులు



ఓపీకి వచ్చినవారిని "ఏమిటమ్మా బాధ?" అని అడిగితే చాలామంది బాధను చెప్పరు, కారణమే చెప్పేస్తారు. "వాతం చేసిందండీ", "పైత్యం చేసింది", "శ్లేష్మం పట్టింది" అంటారు. ఈ మాటలు ఆయుర్వేదం నుండి మన ఇళ్లలోకి వచ్చినవే. వీటి అసలు అర్థం ఏమిటో, మా వైద్యంలో చెప్పే జబ్బుల పేర్లకూ వీటికీ తేడా ఏమిటో ఈ పాఠంలో చూద్దాం. ఈ తేడా తెలియకపోతే ఒక్కోసారి పిల్లల గుండెకే ముప్పు వస్తుంది.

దోషం అంటే

ముందుగా ఒక మాట. ఇక్కడ దోషం అంటే పాపం కాదు, జాతకదోషమూ కాదు. శరీరాన్ని నడిపిస్తూ, హద్దు తప్పితే శరీరాన్నే చెడగొట్టేదానికి ఆయుర్వేదం పెట్టిన పేరు అది. అలాంటివి మూడు. వాతం పొడిగా, చల్లగా, తేలికగా ఉండి కదులుతూ ఉంటుంది. పిత్తం వేడిగా, చురుకుగా ఉంటుంది. తిన్నది అరిగించడం దాని పని. కఫం, అంటే మనం శ్లేష్మం అనేది, బరువుగా, చల్లగా, జిగటగా ఉండి నిలకడ ఇస్తుంది.

వైద్యుడు రోగిని చూసినప్పుడు ఏ గుణం ఎక్కువైందో వెతుకుతాడు. దానికి ఎదురు గుణం ఉన్న మందు, ఆహారం ఇస్తాడు. చలికాలంలో తెల్లవారుజామున అవ్వ మోకాళ్లు పట్టేస్తే, అది పొడిదనం, చల్లదనం పెరగడమని ఆయన లెక్క. అందుకే నూనె మర్దన, వేడి కాపడం. దుంపకూర వద్దని పత్యం పెట్టేదీ ఈ లెక్కతోనే.

ఈ లెక్క ఎంత విశాలమో చూడండి. చరకసంహితలో వాతరోగాలు 80, పిత్తరోగాలు 40, కఫరోగాలు 20 అని జాబితా ఉంది. ఆ 80 వాతరోగాలలో పాదాల పగుళ్లు ఉన్నాయి, తుంటి నుండి కాలిలోకి లాగే నొప్పి ఉంది, ఒక పక్క చచ్చుబడిపోవడమూ ఉంది. మా దృష్టిలో మొదటిది చర్మానిది, రెండవది వెన్నులో నొక్కుకుపోయిన నరానిది, మూడవది మెదడు రక్తనాళానిది. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు.

రెండు రకాల ప్రశ్నలు

ఆయుర్వేదం "ఏ గుణం పెరిగింది?" అని అడుగుతుంది. ఆధునిక వైద్యం "ఏ అవయవం చెడింది? దేనివల్ల? ఏ పరీక్షలో కనబడుతుంది?" అని అడుగుతుంది. ప్రశ్నలు వేరు కనుక జవాబులను ఒకదానిలోనికి ఒకటి మార్చలేము. "వాతం అంటే నరాలు, పిత్తం అంటే లివరు, కఫం అంటే ఊపిరితిత్తులు" అని కొందరు సులువుగా చెబుతారు గాని అది సరికాదు. వాతం ఎంత ఉందో చూపే రక్తపరీక్ష లేదు. అలాగే రక్తంలో చక్కెర ఎంత ఉందో దోషం పేరు చెప్పదు.

మన పాత పుస్తకాలు కూడా అన్ని కీళ్లనొప్పులనూ ఒకే గంపలో వేయలేదు. ఆమవాతం, వాతరక్తం, సంధివాతం అని విడదీశాయి. ఆమవాతానికి మొదట్లో నూనె మర్దన వద్దు, వేడి ఇసుక మూటతో పొడి కాపడమే పెట్టాలని చెప్పాయి. ఆ తేడాలన్నీ పోయి, ఊళ్లో "వాతం" అనే ఒక్క మాటే మిగిలింది.

ఒక ఉదాహరణ

పదకొండేళ్ల పాప అనుకోండి. మిరపకోతల రోజుల్లో గొంతునొప్పి, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో తగ్గింది. రెండు మూడు వారాల తరువాత మళ్లీ జ్వరం వచ్చింది, కుడి మోకాలు వాచింది. రెండు రోజులకు అది తగ్గి ఎడమ చీలమండ వాచింది. తరువాత మోచేయి. నొప్పి చోటు మారుతోంది కనుక "కీళ్లవాతం" అన్నారు. వాతానికి కదలిక గుణం కాబట్టి ఆ లెక్కలో ఆ పేరు సరిగ్గానే సరిపోయింది. ఆకు పసరు కట్టారు, పత్యం పెట్టారు. మూడు వారాల్లో వాపులన్నీ పోయాయి. వైద్యం పనిచేసిందని అందరూ సంతోషించారు.

నిజానికి అది రుమాటిక్ జ్వరం. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే క్రిమిని చంపడానికి శరీరం తయారుచేసుకున్న రక్షణ బలం, పొరపాటున సొంత కీళ్లమీదా గుండెమీదా పడుతుంది. ఇందులో కీళ్లవాపు మందు వేసినా వేయకపోయినా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, కీళ్లకు మచ్చ కూడా మిగలదు. మోసం జరిగేది అక్కడే. లోపల గుండె కవాటాలు మాత్రం దెబ్బతిని ఉండవచ్చు. ఈ జ్వరం కీళ్లను నాకి గుండెను కరుస్తుందని వైద్యులు అందుకే అంటారు. ఆ పాప పెరిగి పెళ్లయి గర్భవతి అయినప్పుడు, మెట్లెక్కితే ఆయాసం వచ్చి, అప్పుడు కవాటం జబ్బు బయటపడుతుంది.

రుమాటిక్ అనే పేరు కూడా పాత ఆలోచన నుండే వచ్చింది. అది "ప్రవాహం" అనే గ్రీకు మాట. శరీరంలో చెడు ద్రవం పారి కీళ్లలో చేరుతుందని గ్రీకు వైద్యులు అనుకొనేవారు. పేరు అలాగే ఉన్నా, కారణం తెలిశాక వైద్యం మారింది.

ఏమి చేయాలి

5 నుండి 15 ఏళ్ల పిల్లలకు జ్వరంతో పెద్ద కీలు వాచి, నొప్పి ఒక కీలు నుండి మరొక కీలుకు మారితే వెంటనే తీసుకురండి. ఆయాసం, గుండెదడ ఉన్నా, చేతులు వాటంతటవే వంకరగా కదులుతున్నా ఆలస్యం చేయవద్దు. వచ్చేముందు నొప్పి బిళ్లలు వేయకండి. వాటితో వాపు ఒకటి రెండు రోజుల్లో పోయి, జబ్బును గుర్తుపట్టడం కష్టమవుతుంది. మేము గుండె చప్పుడు విని, ఇ.సి.జి., రక్తపరీక్షలు చూస్తాము. కవాటాలను చూడడానికి ఎకో పరీక్ష కావాలి. దానికి నరసరావుపేటకో గుంటూరుకో వెళ్లవలసి రావచ్చు.

జబ్బు ఖాయమైతే 3 లేక 4 వారాలకు ఒకసారి బెంజథైన్ పెనిసిలిన్ ఇంజెక్షను వేయాలి. ఇది నొప్పి తగ్గించడానికి కాదు. గొంతులో ఆ క్రిమి మళ్లీ చేరకుండా కాపలా. ప్రతి కొత్త దాడికీ కవాటం ఇంకా చెడుతుంది. గుండె బాగున్నా కనీసం 5 ఏళ్లు, కవాటం దెబ్బతింటే 10 ఏళ్లు గాని అంతకు మించి గాని వేయాలి. పిల్లలు బాగా ఆడుకుంటున్నారు కదా అని మధ్యలో మానేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. పెనిసిలిన్ పడనివారు ముందే చెప్పాలి. ఇంజెక్షను ఆసుపత్రిలోనే వేయించుకోవాలి.

పెద్దవారి మోకాళ్ల అరుగుదలకు నూనె రాసి కాపడం పెట్టుకుంటే మాకు అభ్యంతరం లేదు, హాయిగానే ఉంటుంది. కాని మూతి వంకరపోయి, మాట ముద్దగా వచ్చి, చెయ్యి పడిపోతే "పక్షవాతం" అని నాటు మందుకు తిరగకండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల్లోనే పనికివస్తుంది. స్కానింగు ఉన్న ఆసుపత్రికి వెంటనే 108లో బయలుదేరండి.

ఓపీలో "వాతం" అని చెప్పడం తప్పేమీ కాదు. ఆ మాటతో ఆపకుండా ఎక్కడ, ఎప్పటినుండి, జ్వరముందా, అంతకుముందు గొంతునొప్పి వచ్చిందా అన్నది కూడా చెప్పండి. జబ్బు ఏదో మేము తేల్చేది ఆ వివరాలతోనే.