“ఒక కథ చెప్పు” అంటే ముందు ఏం తేల్చుకోవాలి?



పోయిన నెల మా యూకేజీ గ్రూపులో “శనివారం స్టోరీ టైమ్‌కి ఒక పిల్లల కథ రాసి పంపండి” అని మెసేజ్ పెట్టాను. ఏ వయసు వారికి, ఎంతసేపు, ఏ నీతి, ఎవరెవరు ఉండాలి అన్నది ఏదీ చెప్పలేదు. ఒక నాన్నగారు పంచతంత్రంలోని సింహం–కుందేలు కథను నాలుగు పేజీలు రాసి పంపారు. కథ బాగుంది. కానీ నేను రెండో పేజీకి వచ్చేసరికి పిల్లలు ఒకరి టై ఒకరు లాగుతున్నారు. తప్పు ఆయనది కాదు, నాది. ఇంట్లో పిల్లలు “కథ చెప్పు” అన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అందుకే ముందు ఈ నాలుగు తేల్చుకోండి.

1. వినేది ఎవరు? ఒక్క ప్రశ్నకే వీలుంటే ఇదే అడగండి. మిగతా మూడూ దీన్ని బట్టే తేలతాయి. ఇద్దరు పిల్లలుంటే కథ చిన్నవాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, “తర్వాత ఏం జరిగి ఉంటుంది?” అని పెద్దవాళ్లను అడగండి.

2. ఎంతసేపు? పేజీల్లో కాదు, నిమిషాల్లో అనుకోండి. నేను నిదానంగా చదివితే నిమిషానికి సుమారు 100 మాటలు వస్తాయి. యూకేజీకి ఐదు నిమిషాలు, అంటే 500 మాటలు చాలు.

3. ఎంతమంది? ఐదేళ్ల పిల్లలకు ఇద్దరు ముగ్గురు చాలు. కథ అయ్యాక తిరిగి చెప్పమనండి. ఎవరు ఏం చేశారో కలిపేస్తుంటే పాత్రలు ఎక్కువయ్యాయని అర్థం.

4. నీతి కావాలా? దీన్ని చివర్లో తేల్చుకోండి. నీతితో మొదలుపెడితే కథ మందలింపులా వినిపిస్తుంది, పిల్లలు వెంటనే పసిగడతారు.

ఇప్పుడు అదే సింహం కథను యూకేజీకి మార్చి చూద్దాం. రోజుకొక జంతువును పంపాలన్న ఒప్పందాన్ని ఒక్క వాక్యంలో చెప్పేశాను. మిగిలింది సింహం, కుందేలు, బావి. బావిలో కనిపించేది తన నీడే అని సింహానికి తెలియకపోవడమే కథకు ప్రాణం. ఆ సంగతి పిల్లలకు తెలియకపోతే చివర్లో నవ్వు రాదు. అందుకే ముందు ఒక గిన్నెలో నీళ్లు పోసి, వాళ్ల ముఖాలు వాళ్లకు చూపించాను. ఈసారి టైలు ఎవరూ లాగలేదు. నీతి నేను చెప్పలేదు, “సింహం పిచ్చిది మిస్” అని వాళ్లే అన్నారు.

ఐదో క్లాసుకైతే ఆ ఒప్పందాన్ని పూర్తిగా ఉంచుతాను. “కుందేలు అబద్ధం ఆడింది కదా, అది తప్పా?” అని అడుగుతాను. పడుకునే ముందు చెబుతుంటే, భయపడే పిల్లలకు సింహం బావిలో మునిగిపోయే ముగింపు వద్దు. ఆ రాత్రికి వేరే కథ ఎంచుకోండి.

అడిగినా పిల్లలు “ఏదో ఒకటి” అంటే, “చిన్న కథ, ఒక కుందేలు, ఒక సింహం, సరేనా?” అని మీరే చెప్పండి. నచ్చకపోతే “వద్దు, ఏనుగు కావాలి” అంటారు. మీకు కావలసిన జవాబు అదే.

— మీ క్లాస్ టీచర్, ప్రీ-ప్రైమరీ