నోటీసు 90 రోజులుంటే ఏ ఆఫర్ పట్టుకోవాలి?

దుబాయ్‌లో ఓ అకౌంటెంట్ జీతం నెలకు 6,000 దిర్హాములు, కాంట్రాక్టులో నోటీసు 90 రోజులు అనుకుందాం. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం నోటీసు 30 రోజులకు తగ్గకూడదు, 90 దాటకూడదు. కొత్త కంపెనీ 7,000 ఇస్తానంది గానీ నెలలోనే చేరాలట. మిగతా 60 రోజులు పనిచేయకుండా వెళ్తే, చివరి జీతం లెక్కన 12,000 పాత కంపెనీకి కట్టాలి. పెరిగిన వెయ్యితో అది పూడాలంటే ఏడాది పడుతుంది! ఆ డబ్బు తామే కడతామని కొత్త కంపెనీ ఆఫర్ లెటర్‌లో రాసిస్తే తప్ప ఇలాంటిది గిట్టుబాటు కాదు. మూడు నెలలు ఆగే కంపెనీలనే చూసుకోవడం మేలు. అయితే ముందు పాత కంపెనీని అడిగి చూడండి. ఇద్దరూ ఒప్పుకుంటే నోటీసు తగ్గించుకోవచ్చు. నోటిమాట మాత్రం నమ్మకండి, కాగితం మీద సంతకం తీసుకున్నాకే కొత్తవాళ్లకు చేరే తేదీ చెప్పండి.